రొయ్యల కాటా నుంచి రైతు ఖాతా దాకా: ఏ మెసేజ్ క్యూ తీసుకోవాలి, డూప్లికేట్లని ఎక్కడ ఆపాలి

భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యలు కొనేవాళ్ళకి సాఫ్ట్‌వేర్ చేసే కుర్రాళ్ళు చాలామందే ఉన్నారు ఇప్పుడు, వాళ్ళ దగ్గర్నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న ఒకటే, "రాబిట్‌ఎంక్యూ పెట్టమంటారా, కాఫ్కా పెట్టమంటారా, ఎస్‌క్యూఎస్ తీసుకోమంటారా, లేకపోతే ఉన్న పోస్ట్‌గ్రెస్‌లోనే ఒక టేబుల్‌తో కానిచ్చేయమంటారా" అని. ఈ నాలుగింటినీ ఒకే పని మీద పెట్టి చూద్దాం. పని ఏంటంటే చెరువు గట్టు మీద కాటా వేసిన ప్రతి తూకం ఫోన్ నుంచి సర్వర్‌కి రావాలి, లెక్క కట్టాలి, రైతు ఖాతాలో డబ్బు పడాలి. ఒక్క తూకం పోకూడదు, ఒక్కటీ రెండుసార్లు లెక్కలోకి రాకూడదు.

లెక్క కోసం ఒక పట్టుబడి అనుకుందాం. వనామి, 40 కౌంట్, మొత్తం 2,400 కిలోలు, ఒక్కో కాటాకి 40 కిలోలు చొప్పున 60 కాటాలు. కిలో 380 రూపాయలు అనుకుంటే ఒక్క కాటా విలువ 15,200, మొత్తం 9,12,000. తూకం మెసేజ్ ఒకటి పోతే రైతుకి 15,200 నష్టం, ఒకటి రెండుసార్లు పడితే కొన్నవాడికి అంతే నష్టం. పేమెంట్ మెసేజ్ రెండుసార్లు పడితే మాత్రం తొమ్మిది లక్షల పైమాట, అది వెనక్కి తెచ్చుకోవడం ఎంత కష్టమో నేను చెప్పక్కర్లేదు.

## ముందు దేన్ని బట్టి ఎంచుకోవాలి

చాలామంది సెకనుకి ఎన్ని మెసేజ్‌లు మోస్తది అని చూసి ఎంచుకుంటారు. మన పనికి అది ఆఖర్న చూడాల్సింది, సీజన్లో ఒకేసారి యాభై చెరువుల మీద కాటాలు పడినా నిమిషానికి కొన్ని వందల మెసేజ్‌లు దాటవు, ఆ లోడు ఈ నాలుగింట్లో ఏదైనా మోస్తది. చూడాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది, మెసేజ్ తీసుకుని పని చేసే ప్రోగ్రామ్, అంటే వర్కర్, మధ్యలో ఆగిపోతే క్యూ ఎంతసేపు ఓపిక పట్టి ఇంకొకడికి ఇస్తది అనేది. డూప్లికేట్లు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. రెండోది, ఎన్నిసార్లు ఇచ్చినా పని అవ్వని మెసేజ్ ఎక్కడికి పోతది, పక్కకి తప్పుకుంటదా, వెనకున్నవాటిని ఆపేస్తదా, లేక చప్పుడు లేకుండా మాయమైపోతదా. మూడోది, డేటాబేస్‌లో రాయడం, క్యూలో పెట్టడం రెండూ కలిపి ఒకటే పనిగా అవుతాయా, లేక ఒకటి అయ్యి ఇంకోటి అవ్వకుండా మిగిలిపోయే సందు ఉందా. నాలుగోది, తెల్లారుజామున మూడింటికి పట్టుబడి నడుస్తున్నప్పుడు క్యూ పడిపోతే లేచి చూసేది ఎవరు.

## గ్యారంటీ అంటే అసలు ఏం ఇస్తున్నారు

పేరుకి మూడు రకాలు. గరిష్ఠంగా ఒక్కసారి, అంటే పోతే పోవచ్చు గానీ రెండుసార్లు రాదు. కనీసం ఒక్కసారి, అంటే పోదు గానీ రెండుసార్లు రావచ్చు. మూడోది కచ్చితంగా ఒక్కసారే. ఈ మూడోదాన్ని చూసే అందరూ క్యూ ఎంచుకోవాలనుకుంటారు.

గట్టు మీద ఏం జరుగుతదో చూడండి. గుమస్తా బటన్ నొక్కాడు, మెసేజ్ సర్వర్‌కి చేరింది, డేటాబేస్‌లో పడింది, సర్వర్ 'అందింది' అని జవాబు పంపింది, ఆ జవాబు వచ్చేలోపు సిగ్నల్ పోయింది. ఇప్పుడు ఫోన్‌కి తెలిసింది ఒక్కటే, జవాబు రాలేదని. పంపింది చేరలేదా, చేరాక జవాబు పోయిందా అనేది ఫోన్ వైపు నుంచి తేల్చుకునే దారే లేదు. మళ్ళీ పంపితే డూప్లికేట్ అవ్వొచ్చు, పంపకపోతే తూకం పోవచ్చు. సరిగ్గా ఇదే చిక్కు క్యూకీ వర్కర్‌కీ మధ్య కూడా ఉంది, వర్కర్ పని ముగించి 'అయిపోయింది' అని చెప్పే లోపల చచ్చిపోతే క్యూ ఆ మెసేజ్‌ని ఇంకొకడికి ఇస్తది. వర్కర్ ముందే 'అయిపోయింది' అని చెప్పేసి తర్వాత పని మొదలుపెడితే డూప్లికేట్ రాదు, కానీ మధ్యలో పోతే ఆ తూకం ఎవరికీ కనపడదు.

అందుకని డబ్బు, తూకం లాంటివాటికి కనీసం-ఒక్కసారి తీసుకుని, రెండోసారి వచ్చినా ఫలితం మారకుండా తీసుకునేవైపు కట్టుకోవాలి, ఐడెంపొటెన్సీ అనేది దీన్నే. ఏ క్యూ తీసుకున్నా ఈ పని మనకి తప్పదు. అన్ని మెసేజ్‌లకీ ఇంత అక్కర్లేదు కూడా, పొద్దున్నే రైతుల ఫోన్లకి పంపే కౌంట్ వారీ రేట్లు ఒకటి పోయినా ఇంకో గంటకి కొత్తది వస్తది, దానికి గరిష్ఠంగా-ఒక్కసారి చాలు. పట్టుబడి అయిపోయిందని వెళ్ళే ఎస్ఎంఎస్ రెండుసార్లు వెళ్ళినా కొంపేం మునగదు.

## డూప్లికేట్‌ని గుర్తుపట్టే నంబర్ ఎక్కడ పుట్టాలి

క్యూల దగ్గరికి వెళ్ళేముందు ఇది తేల్చుకోవాలి, ఎందుకంటే ఇది తప్పైతే ఏ క్యూ కూడా కాపాడదు.

తూకానికి ఇచ్చే ఐడీ, గుమస్తా బటన్ నొక్కిన క్షణంలోనే ఫోన్‌లో పుట్టాలి, ఫోన్‌లోనే ముందు సేవ్ అవ్వాలి, తర్వాత ఎన్నిసార్లు పంపినా అదే ఐడీతో పోవాలి. సర్వర్‌కి వచ్చాక ఐడీ వేస్తే, మళ్ళీ పంపిన ప్రతిసారీ కొత్త ఐడీ పడతది, సర్వర్ దృష్టిలో అవి రెండు వేరే తూకాలు. క్యూ సొంతంగా ఇచ్చే మెసేజ్ ఐడీతో కూడా ఇదే గొడవ, ఫోన్ రెండుసార్లు పంపితే క్యూలో రెండు మెసేజ్‌లు, రెండు ఐడీలు. యాప్ కట్టేవాళ్ళు ఇంకోటి చూడాలి, పంపడం అవ్వలేదని ఎర్రగా చూపించి గుమస్తా చేత మళ్ళీ ఎంట్రీ కొట్టిస్తే అది కూడా కొత్త ఐడీయే. "ఇందాకటిది వెళ్ళలేదండీ, మళ్ళీ కొట్టాను" అన్న మాట గుమస్తా నోటి నుంచి వచ్చిందంటే తప్పు స్క్రీన్‌లో ఉందన్నమాట. సేవ్ అయిన తూకం ఫోన్‌లో లిస్టులో కనపడాలి, పక్కన 'ఇంకా పంపాలి' అని ఉండాలి, దానంతట అదే వెళ్ళాలి.

ఐడీ ఎందుకు, మెసేజ్‌లో ఉన్న విషయాన్నే హాష్ చేసి అదే ఉంటే డూప్లికేట్ అనుకుందాం అని కొందరు చేస్తారు. మన పనిలో అది నేరుగా రైతు జేబు కోసేస్తది. కాటా దగ్గర నిలబడి చూస్తే తెలుస్తది, సరిగ్గా 40 వచ్చేదాకా రొయ్యలు వేస్తారు తీస్తారు, కాబట్టి వరసగా రెండు కాటాలు 40.00 కిలోలు, 40 కౌంట్, అదే చెరువు అని రావడం వింత కాదు, రోజూ జరిగేదే. హాష్ రెండింటికీ ఒకటే, రెండోది డూప్లికేట్ అని తీసి పారేస్తది. రైతు పక్కనే పుస్తకంలో గీతలు పెట్టుకుంటాడు, ఆఖర్న "ఏవండీ, నా లెక్క 60 ఉంది, మీ ఫోన్లో 59 ఏంటి" అంటాడు, లాగ్‌లో చూస్తే ఎర్రర్ ఏమీ ఉండదు, అంతా సక్రమంగానే కనపడతది.

ఐడీ సరిగ్గా ఉంటే మిగతాది చిన్న పని:

```sql
CREATE TABLE weighing (
  lot_id     uuid PRIMARY KEY,
  harvest_id bigint NOT NULL,
  kg         numeric(8,2) NOT NULL
);

INSERT INTO weighing (lot_id, harvest_id, kg)
VALUES ($1, $2, $3)
ON CONFLICT (lot_id) DO NOTHING;
```

ముందు వెతికి, లేకపోతే అప్పుడు వేయడం అనే పద్ధతి వద్దు, ఇద్దరు వర్కర్లు ఒకేసారి వెతికితే ఇద్దరికీ 'లేదు' అనే వస్తది. పైన రాసినదాంట్లో రెండోవాడు మొదటివాడి ట్రాన్సాక్షన్ తేలేదాకా ఆగుతాడు, అది కమిట్ అయితే ఇతనిది ఏమీ చేయకుండా ముగుస్తది. మొత్తం కిలోలు ఇంకో టేబుల్‌లో పెట్టుకుని వచ్చిన ప్రతిసారీ 40 కలుపుకుంటూ పోవడం కూడా మానేయండి, రెండోసారి వస్తే 40 రెండుసార్లు కలుస్తది. తూకాల వరసలే అసలు లెక్క, మొత్తం కావాలన్నప్పుడు `sum(kg)` తీసుకోవాలి, 60 వరసలకి అదేం బరువు కాదు.

ఇక నాలుగు క్యూలూ చూద్దాం.

## పోస్ట్‌గ్రెస్ టేబులే క్యూగా

చిన్న టీముకి నేను మొట్టమొదట చెప్పేది ఇదే. 2016 జనవరిలో వచ్చిన 9.5 వెర్షన్ నుంచి `SKIP LOCKED` ఉంది, దాంతో పది మంది వర్కర్లు ఒకే టేబుల్ మీద పడినా ఒకడు పట్టుకున్న వరసని ఇంకొకడు తాకకుండా తర్వాతదానికి పోతాడు.

```sql
SELECT id, payload FROM jobs
WHERE status = 'ready' AND run_at <= now()
ORDER BY run_at
LIMIT 1
FOR UPDATE SKIP LOCKED;
```

దీని అసలు బలం మూడో కొలమానంలో ఉంది. 60 తూకాలూ వచ్చి పట్టుబడి మూసేసినప్పుడు, పట్టుబడి మూసినట్టు రాయడం, పేమెంట్ పని క్యూలో పెట్టడం రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో అయిపోతాయి, అయితే రెండూ అవుతాయి లేకపోతే రెండూ అవ్వవు. క్యూ వేరే చోట ఉంటే ఈ రెంటి మధ్యలో సర్వర్ పడిపోవచ్చు, పట్టుబడి మూసినట్టు ఉంటది, పేమెంట్ మెసేజ్ మాత్రం పుట్టనే పుట్టదు, రైతు ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలీదు. దానికి మందు అవుట్‌బాక్స్ టేబుల్, అంటే పంపాల్సిన మెసేజ్‌ని ముందు అదే డేటాబేస్‌లో రాసి, ఇంకో ప్రోసెస్ దాన్ని తీసి క్యూకి పంపడం. ఎలాగూ ఆ టేబుల్ కట్టాల్సివస్తే, ఈ సైజు పనికి ఆ టేబుల్‌నే క్యూ అనుకుంటే సరిపోతది కదా అనేది నా వాదన.

వర్కర్ చచ్చిపోతే కనెక్షన్ తెగుతది, లాక్ వదిలేస్తది, వరస మళ్ళీ అందుబాటులోకి వస్తది. ఇబ్బంది ఎక్కడంటే బ్యాంక్ లాంటి బయట సర్వీస్‌కి కాల్ చేస్తూ ఆ లాక్‌ని పట్టుకుని కూర్చోకూడదు, ట్రాన్సాక్షన్ చాలాసేపు తెరిచి ఉంటే పాత వరసల్ని డేటాబేస్ శుభ్రం చేసుకోలేదు, టేబుల్ ఉబ్బిపోతది. అలాంటి పనికి వరసని 'పంపుతున్నాం' అని మార్చి కమిట్ చేసేసి తర్వాత కాల్ చేయాలి. రిట్రై, పక్కన పెట్టడం, ఎన్నిసార్లు అయ్యిందో లెక్క, ఇవన్నీ మనమే రాసుకోవాలి, అయితే అవి కళ్ళ ముందు కనపడే కాలమ్‌లు, తెల్లారుజామున ఒక్క క్వెరీతో ఎక్కడ ఆగిందో తెలిసిపోతది.

## రాబిట్‌ఎంక్యూ

పనులు రకరకాలుగా ఉండి, ఒక్కో రకానికి ఒక్కో వర్కర్ గుంపు ఉండి, పంపిన వెంటనే అందాలి అనుకుంటే ఇది బాగుంటది. వర్కర్ కనెక్షన్ తెగిన వెంటనే ఒప్పుకోని మెసేజ్‌లు తిరిగి క్యూలోకి వస్తాయి, తెగకుండా వేలాడుతుంటే డీఫాల్ట్‌గా 30 నిమిషాలు చూసి ఛానెల్ మూసేస్తది. అంటే నెమ్మది పనులకి ఓపిక ఎక్కువ, కాలం తీరి డూప్లికేట్ పుట్టడం ఇక్కడ తక్కువ. ప్రీఫెచ్ మాత్రం చూస్కోండి, ఒక వర్కర్ 200 మెసేజ్‌లు ముందే తెచ్చుకుని పెట్టుకుంటే, వాడు పడిపోయినప్పుడు ఆ 200 ఒకేసారి మళ్ళీ వస్తాయి, వాటిలో కొన్నిటికి పని అయిపోయి ఉండొచ్చు.

`redelivered` అని ఒక గుర్తు వస్తది మెసేజ్‌తో, దాన్ని నమ్మి డూప్లికేట్ తీసేయకండి. ఆ గుర్తు ఉంటే ఇంతకుముందు ఒకసారి ఎవరికో ఇచ్చామనే అర్థం, పని అయ్యిందని కాదు. గుర్తు లేనంత మాత్రాన కొత్తదని కూడా కాదు, పంపినవాడు కన్ఫర్మ్ రాక మళ్ళీ పంపితే అది కొత్త మెసేజ్‌లాగే వస్తది.

రిట్రై విషయంలో రెండు గుంటలు ఉన్నాయి. పని అవ్వలేదని మెసేజ్‌ని వెంటనే క్యూలోకి తిప్పి పంపితే అది మరుక్షణమే మళ్ళీ వస్తది, సెకనుకి వందలసార్లు తిరుగుతా సీపీయూ తినేస్తది. ఆలస్యంగా రావాలంటే గడువు పెట్టిన వేరే క్యూలో పడేసి, గడువు తీరినవీ పని అవ్వనివీ పక్కకి పోయే డెడ్ లెటర్ దారిలో వెనక్కి తెచ్చుకోవాలి. రెండోది ఇంకా ముఖ్యం, ఒకటికి మించిన సర్వర్లలో కాపీలు ఉంచే కోరమ్ క్యూలకి 4.0 వెర్షన్ నుంచి డెలివరీ లిమిట్ డీఫాల్ట్‌గా 20 ఉంది, అది దాటిన మెసేజ్‌కి డెడ్ లెటర్ దారి పెట్టి ఉంటే అక్కడికి పోతది, పెట్టకపోతే పారేస్తది. తూకాలు మోసే క్యూకి ఆ దారి లేకుండా లైవ్‌లోకి వెళ్ళకండి.

## ఎస్‌క్యూఎస్, మామూలుదీ ఫిఫోదీ

అమెజాన్ నడిపే క్యూ ఇది, సర్వర్ల గోల మనకొద్దు అనుకునేవాళ్ళకి. మామూలుది కనీసం-ఒక్కసారి, వరస గ్యారంటీ లేదు. మెసేజ్ తీసుకున్నాక విజిబిలిటీ టైమవుట్ అనే గడువు ఉంటది, డీఫాల్ట్ 30 సెకన్లు, 12 గంటల దాకా పెంచుకోవచ్చు. ఆ గడువులోపల డిలీట్ చేయకపోతే మెసేజ్ ఇంకొకడికి కనపడతది, మొదటివాడు బతికున్నాడా చచ్చాడా అని క్యూ చూడదు. పేమెంట్ దగ్గర ఇది ఎంత పని చేస్తదో కింద చూద్దాం.

ఫిఫో అంటే వచ్చిన వరసలోనే ఇచ్చేది, దాన్ని చూసి చాలామంది ఇది డూప్లికేట్లని తీసేస్తది కదా, ఇక మనకి పని లేదు అనుకుంటారు. అది చూసేది 5 నిమిషాల కిటికీ మాత్రమే, అదే డీడూప్లికేషన్ ఐడీతో 5 నిమిషాల్లోపు మళ్ళీ వస్తే తీసేస్తది. మన గట్టు మీద సిగ్నల్ ఇరవై నిమిషాలు పోయి వచ్చిందనుకోండి, ఫోన్ అప్పుడు మళ్ళీ పంపిన తూకాలన్నీ ఫిఫోకి కొత్తవే. ఐడీ ఇవ్వకుండా కంటెంట్ ఆధారంగా తీసేయమని ఆన్ చేస్తే మెసేజ్ బాడీని హాష్ చేస్తది, బాడీలో తూకం ఐడీ లేకపోతే పైన చెప్పిన రెండు 40.00 కిలోల కాటాల్లో రెండోది పోతది. అంటే ఆపాల్సినదాన్ని వదిలేసి, వదలాల్సినదాన్ని ఆపేస్తది. ఫిఫో అసలు ఉపయోగం వరస, ఒక పట్టుబడి నంబర్‌ని గ్రూప్‌గా పెడితే ఆ పట్టుబడి తూకం, తర్వాత దాని సవరణ, ఆ వరసలోనే వస్తాయి. అది కావాల్సినవాళ్ళు తీసుకోండి.

ఇంకోటి, డెడ్ లెటర్ క్యూకి గడువు ఎక్కువ పెట్టండి. మామూలు క్యూలో మెసేజ్ వయసు మొదట పెట్టినప్పటి నుంచే లెక్క, డీఫాల్ట్ 4 రోజులు, గరిష్ఠం 14. అసలు క్యూలో 3 రోజులు నలిగి డెడ్ లెటర్‌కి వెళ్ళినదానికి అక్కడ కూడా 4 రోజులే ఉంటే చూడటానికి మిగిలింది ఒక్కరోజు, అది ఆదివారమైతే ఇంక చెప్పేదేముంది.

## కాఫ్కా

కాఫ్కా స్వభావం వేరు, మెసేజ్ తీసుకుంటే పోదు, లాగ్‌లోనే ఉంటది, డీఫాల్ట్‌గా 7 రోజులు. వర్కర్ ఎక్కడిదాకా చదివాడో ఆఫ్‌సెట్ నంబర్ ఒక్కటే గుర్తుపెట్టుకుంటది. ఒకే తూకాన్ని లెక్కల విభాగం, ఎగుమతి ప్లాంటు, ఐస్ లారీల వాళ్ళు ఎవరి వేగంతో వాళ్ళు చదువుకోవాలన్నా, వారం నాటి లెక్క మళ్ళీ మొదట్నుంచి కట్టాలన్నా దీనికి సాటి లేదు.

ఇందులో డూప్లికేట్ ఎక్కువగా పుట్టే చోటు చెప్తాను. కన్స్యూమర్, అంటే చదివే వర్కర్, ఒక్క పోల్‌లో డీఫాల్ట్‌గా 500 దాకా రికార్డులు తెచ్చుకుంటది, తర్వాతి పోల్‌కి గడువు `max.poll.interval.ms`, డీఫాల్ట్ 5 నిమిషాలు, అంటే 300 సెకన్లు. ఒక్కో రికార్డుకి బయట సర్వీస్ కాల్ ఒక సెకను పట్టిందనుకోండి, 500 రికార్డులకి 500 సెకన్లు. 300 దగ్గర వర్కర్ల గ్రూప్ ఇతన్ని బయటికి నెట్టేసి, ఇతని వంతు లాగ్ ముక్కని, అంటే పార్టిషన్‌ని, ఇంకొకడికి ఇస్తది, ఆఫ్‌సెట్ కమిట్ అవ్వలేదు కాబట్టి అతను మొదటినుంచి మొదలెడతాడు, 300 దగ్గర అతనూ బయటికే. పని ఎంత చేసినా ఆఫ్‌సెట్ కదలదు, అవే మెసేజ్‌లు తిరిగి తిరిగి వస్తాయి. కన్స్యూమర్ వెనకబాటు మెట్రిక్ తగ్గకుండా, పార్టిషన్లు ఇలా చేతులు మారే రీబ్యాలెన్స్‌లు ఆగకుండా కనపడితే ఇదే. `max.poll.records` 50కి దించితే తీరిపోతది.

కచ్చితంగా-ఒక్కసారి అని కాఫ్కా చెప్పేది అబద్ధం కాదు, కానీ అది కాఫ్కాలో చదివి కాఫ్కాలోనే రాసే పనికి. మన పోస్ట్‌గ్రెస్, బ్యాంక్ ఆ హద్దు బయట ఉన్నాయి. 3.0 నుంచి డీఫాల్ట్‌గా ఉన్న ఐడెంపొటెంట్ ప్రొడ్యూసర్ కూడా ఆ లైబ్రరీ తనంతట తాను మళ్ళీ పంపేవాటికే పనికొస్తది, మన కోడ్ మళ్ళీ పంపితే దానికి అది కొత్త రికార్డే. ఒక చెడ్డ మెసేజ్ వస్తే పార్టిషన్ అంతా దాని వెనక ఆగిపోతది, దాన్ని తీసి వేరే టాపిక్‌లో పెట్టి ముందుకెళ్ళే కోడ్ మనమే రాయాలి. మళ్ళీ మొదట్నుంచి చదవడం అనే వరం కూడా పేమెంట్ వర్కర్‌కి ఎసరు పెడతది, 7 రోజుల లాగ్ తిరిగి చదివితే 7 రోజుల పేమెంట్లు మళ్ళీ వస్తాయి, డూప్లికేట్ ఐడీలు ఒక్కరోజే దాచుకుని ఉంటే అన్నీ కొత్తగానే కనపడతాయి. తూకం ఐడీయే ప్రైమరీ కీ అయితే ఈ బెంగ లేదు, అది ఎప్పటికీ ఉంటది.

| చూడాల్సింది | పోస్ట్‌గ్రెస్ టేబుల్ | రాబిట్‌ఎంక్యూ | ఎస్‌క్యూఎస్ | కాఫ్కా |
|---|---|---|---|---|
| వర్కర్ ఆగితే మళ్ళీ ఎప్పుడు | కనెక్షన్ తెగగానే, లేదా మనం పెట్టిన గడువు | తెగగానే, వేలాడితే 30 నిమిషాలు | డీఫాల్ట్ 30 సెకన్లు | పోల్ రాకపోతే 5 నిమిషాలు |
| పని అవ్వని మెసేజ్ | మనం రాసిన కాలమ్‌లో | డెడ్ లెటర్ దారి పెడితేనే భద్రం | డెడ్ లెటర్ క్యూ | మనం తీయకపోతే వెనకవి ఆగిపోతాయి |
| డేటాబేస్‌తో కలిపి ఒకే కమిట్ | ఉంది | అవుట్‌బాక్స్ కావాలి | అవుట్‌బాక్స్ కావాలి | అవుట్‌బాక్స్ కావాలి |
| పాతవి మళ్ళీ చదవడం | వరసలు ఉంచుకుంటే | మామూలు క్యూలో లేదు | లేదు | ఉంది |
| నడిపే భారం | ఉన్న డేటాబేసే | మధ్యస్థం | దాదాపు లేదు | ఎక్కువ |

## పేమెంట్ దగ్గర ఏం జరుగుతది

తూకాలకి ఒక్క ప్రైమరీ కీ సరిపోయింది, ఎందుకంటే పని మొత్తం మన డేటాబేస్ లోపలే. డబ్బు పంపడం బయట జరుగుతది, దాన్ని మన ట్రాన్సాక్షన్‌లో కలపలేం. ఎస్‌క్యూఎస్ డీఫాల్ట్ 30 సెకన్లతో చూద్దాం. సున్నా సెకను దగ్గర మొదటి వర్కర్ మెసేజ్ తీసుకున్నాడు, 2 దగ్గర బ్యాంక్‌కి కాల్ వెళ్ళింది, బ్యాంక్ ఆ పూట నెమ్మదిగా ఉంది. 30 దగ్గర గడువు తీరింది, రెండో వర్కర్ అదే మెసేజ్ తీసుకుని 31 దగ్గర అతనూ కాల్ చేశాడు. 41 దగ్గర మొదటివాడికి సక్సెస్ వచ్చింది, 50 దగ్గర రెండోవాడికీ వచ్చింది. 9,12,000 రెండుసార్లు వెళ్ళింది, ఎవరూ క్రాష్ అవ్వలేదు, ఎక్కడా ఎర్రర్ లేదు. ఫిఫో అయినా ఇంతే, గడువు తీరితే అదీ మళ్ళీ ఇస్తది.

గడువు పెంచడం, బ్యాంక్ కాల్‌కి 20 సెకన్ల టైమవుట్ పెట్టడం తప్పకుండా చేయాలి, కానీ అవి డూప్లికేట్లని తగ్గిస్తాయే తప్ప ఆపవు. ఆపేది ఇది:

```sql
UPDATE payout
SET status = 'sending', started_at = now()
WHERE payout_key = 'H-1182-1' AND status = 'ready'
RETURNING amount;
```

1182 నంబర్ పట్టుబడికి మొదటి వాయిదా అని ఆ కీ. వరస తిరిగి వస్తే మనమే పట్టుకున్నట్టు, కమిట్ చేసి అప్పుడు బ్యాంక్‌కి కాల్ చేయాలి, ఆ కీనే బ్యాంక్ వైపు ఐడెంపొటెన్సీ కీగా పంపాలి. ఏమీ రాకపోతే ఇంకెవరో తీసుకున్నట్టు, మెసేజ్ అందిందని క్యూకి చెప్పేసి తప్పుకోవాలి. పైన చెప్పిన 31 సెకను దగ్గర రెండో వర్కర్‌కి ఇక్కడ ఏమీ రాదు.

కాల్ చేసిన వర్కర్ మధ్యలో పోతే వరస `sending` లోనే ఉండిపోతది. అలా 10 నిమిషాలు దాటినవాటిని ఇంకో చిన్న పని ఏరి, బ్యాంక్‌ని ఆ కీతో స్టేటస్ అడగాలి. అయ్యిందంటే అయ్యిందని రాయడమే. అసలు అలాంటిది రాలేదంటే అదే కీతో, అదే మొత్తంతో మళ్ళీ పంపొచ్చు. ఖచ్చితంగా ఫెయిల్ అయ్యిందంటే, ఎందుకు ఫెయిల్ అయ్యిందో సరిచేసి కొత్త కీతో పంపాలి, కొన్ని గేట్‌వేలు పాత కీకి పాత ఫెయిల్ జవాబునే మళ్ళీ ఇస్తాయి కాబట్టి. టైమవుట్‌ని మాత్రం ఎప్పుడూ ఫెయిల్ అని రాయకండి, అది 'తెలీదు', రెండు వేరు. బ్యాంక్ వైపు కీ పెట్టే వీలే లేకపోతే, స్టేటస్ అడిగే దారీ లేకపోతే, అక్కడ ఆటోమేటిక్ రిట్రై తీసేసి తెలీని ప్రతి పేమెంట్‌నీ మనిషి స్టేట్‌మెంట్‌తో సరిచూసి పంపాలి. ఆలస్యం అవుతది, రైతుకి ఫోన్ చేసి చెప్పుకోవాలి, అయినా అదే మేలు.

రిట్రై ఎప్పుడు అనేది కూడా ఇక్కడే తేలాలి. ఐఎఫ్ఎస్‌సీ తప్పైతే వంద సార్లు పంపినా తప్పే, మొదటిసారే పక్కకి తీసి మనిషికి చూపించాలి. నెట్‌వర్క్, సర్వర్ బిజీ లాంటివాటికి 5 సెకన్లు, 30 సెకన్లు, 2 నిమిషాలు, 10 నిమిషాలు అని దూరం పెంచుకుంటా పోవాలి, దాంట్లో కొంచెం యాదృచ్ఛికం కలపాలి. కలపకపోతే టవర్‌కి కరెంటు తిరిగొచ్చిన క్షణాన ఆ చుట్టుపక్కల ఫోన్లన్నీ ఒకే సెకనులో పంపుతాయి, ఫెయిలైనవన్నీ మళ్ళీ సరిగ్గా 5 సెకన్లకి కలిసే వస్తాయి.

## ఎవరికి ఏది

ఇద్దరు ముగ్గురు డెవలపర్లు, ఒక డేటాబేస్, రోజుకి కొన్ని వేల తూకాలు అయితే పోస్ట్‌గ్రెస్ టేబుల్ పెట్టుకుని నిశ్చింతగా ఉండండి. పెరిగినప్పుడు మార్చడం కష్టమని భయపడక్కర్లేదు, ఐడీలు సరిగ్గా పుడుతుంటే కింద క్యూ మారినా వర్కర్ కోడ్ పెద్దగా మారదు. అన్నీ ఇప్పటికే అమెజాన్ మీదే నడుస్తుంటే, రాత్రిళ్ళు చూసే మనిషి లేకపోతే ఎస్‌క్యూఎస్ మామూలుది తీసుకుని అవుట్‌బాక్స్ కట్టుకోండి, సవరణల వరస నిజంగా అవసరమైతేనే ఫిఫో. ఎస్ఎంఎస్, బిల్లు పీడీఎఫ్, పేమెంట్, ప్లాంటుకి సమాచారం అని పని రకాలు పెరిగి, ఒకటి నిదానిస్తే ఇంకోటి ఆగకూడదు అన్న దశకి వచ్చి, నడపగల మనిషి ఉంటే రాబిట్‌ఎంక్యూ. కాఫ్కా మాత్రం ఒకే సమాచారాన్ని చాలామంది చదవాలి, పాతది తిరగేయాలి అన్న అవసరం ఈరోజే ఉంటే తీసుకోండి, రేపు ఉండొచ్చు అన్నదాని కోసం వద్దు.

ఏది తీసుకున్నా లైవ్‌కి ముందు ఈ పరీక్ష ఒకటి చేయండి. వర్కర్ కోడ్‌లో డేటాబేస్ కమిట్‌కీ క్యూకి 'అయిపోయింది' అని చెప్పడానికీ మధ్య పది సెకన్ల నిద్ర పెట్టండి, 60 తూకాలు పంపండి, వాటిలో కొన్ని కావాలనే ఒకే బరువుతో ఉండాలి. నడుస్తుండగా ఆ పది సెకన్ల మధ్యలో వర్కర్‌ని `kill -9` కొట్టి మళ్ళీ లేపండి, ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పది నిమిషాలాగి తీయండి. అంతా సద్దుమణిగాక:

```sql
SELECT count(*), sum(kg)
FROM weighing WHERE harvest_id = 1182;
```

60 వరసలు రావాలి, కిలోలు మీరు పంపినవాటి మొత్తానికి సరిపోవాలి. 61 వస్తే ఐడీ ఫోన్‌లో కాకుండా దారిలో ఎక్కడో పుడుతోంది, మళ్ళీ పంపే కోడ్ చూడండి. 59 వస్తే, పోయింది ఒకే బరువున్న వాటిలోది అయితే ఎక్కడో హాష్‌తో తీసేస్తున్నారు, కాకపోతే కమిట్ కంటే ముందే క్యూకి 'అయిపోయింది' అని చెప్పేస్తున్నారు.